మాటిమాటికీ కరెంటు పోయే ఇంటికి ఏ సోలార్? ఆన్‌గ్రిడ్, ఆఫ్‌గ్రిడ్, హైబ్రిడ్ పోలిక

ఏప్రిల్‌లో గాలిదుమారం లేచి ఊరి బయట స్తంభం పడిపోతుంది. మర్నాడు పొద్దంతా ఎండ మండిపోతుంటుంది. డాబా మీద మూడు కిలోవాట్ల ప్యానెళ్లు ఉంటాయి, కింద గదిలో మాత్రం ఫ్యాను తిరగదు. ఆన్‌గ్రిడ్ సోలార్ పెట్టించిన చాలామందికి ఈ సంగతి ఆ రోజే తెలుస్తుంది. ఇన్వర్టర్ చెడిపోయిందని ఫోన్ చేస్తారు. అది చెడిపోలేదు, చేయాల్సిన పనే చేస్తోంది. లైన్‌లో కరెంటు లేకపోతే రెండు సెకన్లలోపు తనను తాను ఆపేసుకోవాలన్నది దానికి పెట్టిన నియమం. అలా ఆగకపోతే మీ ప్యానెళ్ల కరెంటు బయటి తీగల్లోకి వెళ్లి, అక్కడ స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ ఏ కంపెనీదైనా ఈ విషయంలో తేడా ఉండదు.

అందుకే వరంగల్, నర్సంపేట, పరకాల, ములుగు వైపు సోలార్ కొనేవాళ్లు ధర అడిగేముందు రెండు విషయాలు తేల్చుకోవాలి.

మొదటిది, కరెంటు ఎన్నిసార్లు పోతుందన్నది కాదు, ఏ పూట పోతుంది, ఒక్కసారి పోతే గరిష్ఠంగా ఎంతసేపు రాదు అన్నది. గోడ క్యాలెండర్ మీద నెల రోజులు పోయిన టైము, వచ్చిన టైము రాసి చూడండి. రోజుకు ఆరుసార్లు పది నిమిషాల చొప్పున పోయే ఇల్లు వేరు, నెలకు రెండుసార్లే పోయినా పోయినప్పుడు పద్నాలుగు గంటలు రాని ఇల్లు వేరు. మొదటి ఇంటికి చిన్న బ్యాటరీ చాలు. రెండో ఇంటికి ఎంత పెద్ద బ్యాటరీ ఉన్నా, దాన్ని పగలు మళ్లీ నింపే దారి లేకపోతే రాత్రికి చీకటే. ఏప్రిల్, మే గాలులకు, జూలై, ఆగస్టు వానలకు ఒక్కోసారి ఎంతసేపు పోయిందో ఇంట్లో వాళ్లకు గుర్తుంటుంది. ఆ లెక్క కూడా పక్కన రాయండి.

రెండోది, నెలకు ఎన్ని యూనిట్లు కాలుస్తున్నారన్నది. గృహజ్యోతి కింద రెండు వందల యూనిట్ల లోపు ఉండి జీరో బిల్లు వస్తున్న ఇంటికి ఆన్‌గ్రిడ్ సోలార్ మిగిల్చేది ఏమీ లేదు. ఆ ఇంటికి కావాల్సింది పోయినప్పుడు వెలిగే దీపమూ, తిరిగే ఫ్యానూ మాత్రమే. రెండు వందలు దాటిన ఇంటి సంగతి వేరు. అక్కడ మొదటి 200 యూనిట్లకు రూ. 5.10, ఆపైన 300 వరకు రూ. 7.70, 400 వరకు రూ. 9 చొప్పున పడుతుంది కాబట్టి ప్యానెళ్లు నిజంగా డబ్బు మిగులుస్తాయి.

అమ్మేవాళ్లు మూడు రకాలే చెబుతారు. లైనుకు కలిసి బ్యాటరీ లేకుండా నడిచేది ఆన్‌గ్రిడ్, లైనుతో సంబంధం లేకుండా బ్యాటరీతో నడిచేది ఆఫ్‌గ్రిడ్, లైనూ బ్యాటరీ రెండూ ఉన్నది హైబ్రిడ్. నాలుగోది కూడా ఉంది, అది ఆన్‌గ్రిడ్ పక్కన మామూలు ఇంటి ఇన్వర్టర్ పెట్టుకోవడం. మా దృష్టిలో ఈ ప్రాంతంలో చాలా ఇళ్లకు సరిపోయేది అదే. అందుకే దాన్ని కూడా పట్టికలో కలిపాం. అందులో నెట్ మీటర్ అంటే, మీరు లైనుకు ఇచ్చిన యూనిట్లను వాడిన యూనిట్లలోంచి తీసేసి లెక్కకట్టే మీటర్.

| | ఆన్‌గ్రిడ్ ఒక్కటే | ఆన్‌గ్రిడ్ + ఇంటి ఇన్వర్టర్ | హైబ్రిడ్ | ఆఫ్‌గ్రిడ్ |
|---|---|---|---|---|
| కరెంటు పోతే | అంతా ఆగుతుంది | బ్యాటరీ ఉన్నంతసేపు నడుస్తుంది | బ్యాటరీ, పగలు ప్యానెళ్లు కూడా | బ్యాటరీ, ప్యానెళ్లు |
| పగలంతా కరెంటు లేకపోతే | ప్యానెళ్లు వృథా | ప్యానెళ్లు వృథా | బ్యాటరీ మళ్లీ నిండుతుంది | బ్యాటరీ మళ్లీ నిండుతుంది |
| నెట్ మీటర్ | ఉంటుంది | ఉంటుంది | ఉంటుంది | ఉండదు |
| కేంద్ర సబ్సిడీ | వస్తుంది | ప్యానెళ్ల వరకు వస్తుంది | ప్యానెళ్ల వరకు వస్తుంది, బ్యాటరీకి రాదు | రాదు |
| ఎవరికి | కరెంటు అరుదుగా పోయే ఇల్లు | నాలుగైదు గంటల లోపు కోతలు | రోజంతా పోయే ఊళ్లు, ఆగకూడని పనులు | బావి కాడి ఇల్లు, లైను లేని చోటు |

ఒక ఇంటి లెక్క

నర్సంపేట వైపు ఊళ్లో నెలకు 280 యూనిట్లు కాల్చే ఇల్లు అనుకుందాం. ఫ్యాన్లు మూడు, ఎల్‌ఈడీ లైట్లు ఐదు, టీవీ, వైఫై రూటర్, రెండు వందల లీటర్ల ఫ్రిజ్, ఒక హెచ్‌పీ బోరు మోటర్ ఉన్నాయి. సోలార్ లేకుండా ఎనర్జీ ఛార్జీ 200 యూనిట్లకు 1,020, మిగతా 80 యూనిట్లకు 616, మొత్తం రూ. 1,636. ఫిక్స్‌డ్ ఛార్జీ, ఇతరాలు దీనికి అదనం.

మన దగ్గర ఒక కిలోవాటు ప్యానెల్ ఏడాది సగటున రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తుంది. అంటే రెండు కిలోవాట్లు నెలకు 240, మూడు కిలోవాట్లు 360. ఇక్కడే ఒక మాట చెప్పాలి. రెండు కిలోవాట్లు పెడితే ఈ ఇంటికి బిల్లులో మిగిలేది నలభై యూనిట్లే, అవి అతి తక్కువ స్లాబులో పడతాయి. మూడో కిలోవాటు తెచ్చే అదనపు ఆదా చాలా చిన్నది. సబ్సిడీ కూడా మొదటి రెండు కిలోవాట్లకు ముప్ఫై వేల చొప్పున, మూడోదానికి పద్దెనిమిది వేలు, మొత్తం మీద రూ. 78,000 దాటదు. ముందుముందు ఏసీ పెట్టే ఆలోచన లేకపోతే ఈ ఇంటికి రెండు కిలోవాట్లు చాలు. మిగిలిన డబ్బు బ్యాటరీకి పెట్టడం మేలు.

ఇక కరెంటు పోయినప్పటి లెక్క. మామూలు ఫ్యాను 75 వాట్లు, మూడింటికి 225. లైట్లకు 50, టీవీకి 80, రూటర్‌కు 10. ఫ్రిజ్ ఆగుతూ నడుస్తూ ఉంటుంది కాబట్టి సగటున 60. మొత్తం 425 వాట్లు. బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చడంలో ఇన్వర్టర్ కొంత తింటుంది, కాబట్టి బ్యాటరీ నుంచి గంటకు అర యూనిట్ పోతుందనుకోవాలి.

పన్నెండు వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు రెండు కలిస్తే కాగితం మీద 3.6 యూనిట్లు. కానీ లెడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే ఆయుష్షు తగ్గుతుంది, అందుకని 1.8 యూనిట్లే మనవి. అంటే మూడున్నర గంటలు. అదే ఇంట్లో మూడు ఫ్యాన్లను ముప్ఫై వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లుగా మారిస్తే మొత్తం భారం 290 వాట్లకు దిగుతుంది, అవే బ్యాటరీలు ఐదు గంటలు దాటి వస్తాయి. మూడో బ్యాటరీ కొనేముందు ఫ్యాన్లు మార్చండి.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 51.2 వోల్టులు, 100 ఏహెచ్ అంటే 5.12 యూనిట్లు. ఇందులో ఎనభై శాతం ధైర్యంగా వాడుకోవచ్చు. పాత ఫ్యాన్లతో ఎనిమిది గంటలు, కొత్త ఫ్యాన్లతో పన్నెండు గంటల దాకా, అంటే రాత్రంతా గడుస్తుంది. బోరు మోటర్ ఈ లెక్కలో లేదని గమనించండి. ఒక హెచ్‌పీ మోటర్ నడిచేటప్పుడు వెయ్యి వాట్లకు అటూఇటే అయినా మొదలయ్యే క్షణంలో దానికి మూడు నుంచి ఐదు రెట్లు లాగుతుంది. మోటర్ కోసం ఇన్వర్టర్ సైజు పెంచడం కన్నా డాబా మీద ట్యాంకు పెద్దది పెట్టించడం చవక.

ఆన్‌గ్రిడ్ ఒక్కటే పెడితే

వీటిలో చవక ఇదే, చెడిపోయే భాగాలు తక్కువ, బ్యాటరీ మార్చే ఖర్చు లేదు. హన్మకొండ నడిబొడ్డున, కరెంటు పోయినా పావుగంటలో వచ్చే కాలనీలో ఇది చాలు.

కోతల వల్ల ఎంత ఉత్పత్తి పోతుందని చాలామంది భయపడతారు. మూడు కిలోవాట్ల ప్యానెళ్లు మిట్టమధ్యాహ్నం గంటకు రెండు యూనిట్లకు కాస్త పైన ఇస్తాయి. నెలలో పది రోజులు రెండేసి గంటలు పోతే నలభై యూనిట్ల చిల్లర నష్టం. ఆ నష్టం భరించదగ్గదే. ఇంకో చిన్న నష్టం ఉంది. కరెంటు వచ్చిన వెంటనే ఇన్వర్టర్ కలవదు, లైను నిలకడగా ఉందా అని ఒక నిమిషం నుంచి ఐదు నిమిషాల దాకా చూసుకుంటుంది. పొద్దంతా మినుకుమినుకుమంటూ పోయి వచ్చే ఊళ్లో ఈ నిమిషాలు కలిసి గంట అవుతాయి. అయినా అసలు బాధ యూనిట్లది కాదు, ఆ గంటల్లో ఇంట్లో ఏదీ నడవకపోవడం.

ఆన్‌గ్రిడ్ పక్కన ఇంటి ఇన్వర్టర్

చాలా ఇళ్లలో ఇప్పటికే ఇన్వర్టరూ బ్యాటరీ ఉన్నాయి. దాన్ని తీసేయక్కర్లేదు. కరెంటు ఉన్నప్పుడు నెట్ మీటర్ ద్వారా బిల్లు తగ్గుతుంది, పోయినప్పుడు పాత ఇన్వర్టర్ ఫ్యాన్లు నడుపుతుంది. రెండూ ఒకదాని జోలికి ఒకటి పోవు. మనం పైన చూసిన ఇంట్లో కోతలు నాలుగు గంటల లోపే అయితే, బీఎల్‌డీసీ ఫ్యాన్లు, రెండు ట్యూబులర్లతో పని జరిగిపోతుంది. ఒక్కో 150 ఏహెచ్ ట్యూబులర్ పదిహేను వేలకు అటూఇటూ. నాలుగైదేళ్లకు మార్చాల్సి వచ్చినా, హైబ్రిడ్‌కూ లిథియం బ్యాటరీకీ పెట్టే అదనపు లక్షతో పోలిస్తే తక్కువే.

ఇందులో జరిగే పెద్ద తప్పు ఒకటుంది. సోలార్ ఇన్వర్టర్ తీగను ఇంటి ఇన్వర్టర్ అవుట్‌పుట్ వైపు కలపడం. అలా కలిపితే కరెంటు పోయినా సోలార్ నడుస్తుంది కదా అని కొందరు ఎలక్ట్రీషియన్లే సలహా ఇస్తారు. నిజంగానే కాసేపు నడుస్తుంది. ఇంటి ఇన్వర్టర్ ఇచ్చే కరెంటును చూసి సోలార్ ఇన్వర్టర్ లైను వచ్చిందనుకుని రెండు కిలోవాట్లు తోసేస్తుంది. ఇంట్లో వాడకం మూడు వందల వాట్లే కాబట్టి మిగిలినదంతా వెనక్కి ఇంటి ఇన్వర్టర్‌లోకి, బ్యాటరీలోకి పోతుంది. దానికి ఆ రాకను ఆపే ఏర్పాటు లేదు. బ్యాటరీ ఉడికిపోతుంది, లేదా ఇన్వర్టర్ బోర్డు కాలిపోతుంది. సోలార్ తీగ ఎప్పుడూ మెయిన్ బోర్డులో, ఇంటి ఇన్వర్టర్‌కు ముందు వైపే కలవాలి. ఇంట్లో జనరేటర్ ఉన్నా ఇదే మాట వర్తిస్తుంది.

ఈ పద్ధతికి ఉన్న హద్దు కూడా చెప్పాలి. కరెంటు రోజంతా రాకపోతే బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోతుంది, నెత్తిన ప్యానెళ్లు ఎండలో ఉన్నా దాన్ని నింపలేవు.

హైబ్రిడ్

ఆ హద్దును దాటేది హైబ్రిడ్. లైను పోగానే బయటి తీగలతో సంబంధం తెంచుకుని, వెనకవైపు ఉన్న బ్యాకప్ పోర్టు ద్వారా ఇంటిని నడుపుతుంది. ఇరవై మిల్లీసెకన్ల లోపే మారుతుంది కాబట్టి టీవీ కూడా ఆరిపోదు. పగలు ప్యానెళ్లు ఇంటికీ ఇస్తాయి, బ్యాటరీనీ నింపుతాయి. లైను మూడు రోజులు రాకపోయినా ఎండ కాస్తే ఆ ఇంట్లో ఫ్యాన్లు, ఫ్రిజ్ ఆగవు. ఇంట్లో ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ మీద ఉన్న పెద్దవాళ్లున్నా, ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉన్నా, ఇంటి నుంచే కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నా, గాలివానకు రోజుల తరబడి కరెంటు రాని ఊరైనా హైబ్రిడ్‌కు పెట్టే డబ్బు దండగ కాదు.

కానీ హైబ్రిడ్ కొని కూడా చీకట్లో కూర్చునేవాళ్లున్నారు. కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే.

బ్యాటరీ తర్వాత పెట్టుకోవచ్చులే అని ఇన్వర్టర్ ఒక్కటే బిగించడం ఒకటి. బ్యాటరీ లేకుండా చాలా హైబ్రిడ్‌లు కోతలో అసలు పనిచేయవు. పనిచేసే రకమైనా ఒక మబ్బు అడ్డం రాగానే ఆగిపోతుంది, ఎందుకంటే ఆ క్షణపు లోటు పూడ్చడానికి వెనక ఏమీ లేదు.

ఇల్లంతా బ్యాకప్ పోర్టు మీద వేయడం రెండోది. రాత్రి కరెంటు పోయినప్పుడు ఎవరో గీజరో మోటరో వేస్తారు, ఓవర్‌లోడ్ అయి మొత్తం ఆగిపోతుంది. ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్, రూటర్‌కు వేరే చిన్న డిస్ట్రిబ్యూషన్ బోర్డు, అంటే డీబీ పెట్టించి అదొక్కటే బ్యాకప్‌కు కలపాలి. ఆ డీబీ న్యూట్రల్ కూడా వేరుగానే ఉండాలి. ఫేజు మాత్రం విడదీసి న్యూట్రల్ పాత బస్‌బార్‌లోనే వదిలేస్తే, కరెంటు లీకైతే లైను తెంచే ఆర్‌సీసీబీ కారణం లేకుండా పడిపోతుంటుంది. ఇంటి వైరింగ్ పాతదైతే ఈ న్యూట్రల్ వేరుచేసే పనికే ఒక పూట పడుతుంది. ఆ పని కొటేషన్‌లో రాయించుకోండి.

మూడోది సెట్టింగుది, ఇది కంటికి కనపడదు. చాలా ఇన్వర్టర్లు ఫ్యాక్టరీ నుంచి `Self Use` లాంటి మోడ్‌లో వస్తాయి. అంటే పొద్దుగూకగానే ఇంటిని బ్యాటరీ మీద నడిపి, అర్ధరాత్రికి దాన్ని ఖాళీ చేస్తాయి. తెల్లవారుజామున నాలుగింటికి కరెంటు పోతే చేతిలో ఏమీ ఉండదు. నెట్ మీటర్ ఉన్న ఇంటికి ఈ రోజువారీ ఖాళీ చేయడం వల్ల లాభం కూడా లేదు. పగలు లైనుకు ఇచ్చిన యూనిట్ రాత్రి లెక్కలో మీకే తిరిగొస్తుంది, బ్యాటరీలో పెట్టి తీస్తే మాత్రం పది పదిహేను శాతం తరుగు పోతుంది, బ్యాటరీ ఆయుష్షూ అరుగుతుంది. అందుకని `Backup` మోడ్ పెట్టించండి, లేదా బ్యాటరీ `SOC`, అంటే మిగిలిన ఛార్జింగ్, ఎంత శాతానికి దిగాక ఆగాలన్న చోట వేసవిలో, వానాకాలంలో డెబ్బై పైన ఉంచండి. కరెంటు ఉన్నప్పుడు ఆ మార్కు దగ్గరే నిలుస్తుంది. కోతలో మాత్రం అడుగు దాకా వాడుకునేలా రెండో హద్దు వేరుగా ఉంటుంది, దాన్ని ఇరవై దగ్గర పెట్టాలి.

లో వోల్టేజీ ఊళ్లకు ఇంకో జాగ్రత్త. సాయంత్రం ఏడింటికి మల్టీమీటర్ పెట్టి చూస్తే కొన్ని ఇళ్లలో 170 వోల్టులే ఉంటాయి. బల్బులు వెలుగుతున్నాయి కాబట్టి కరెంటు ఉందనుకుంటాం. ఇన్వర్టర్ దృష్టిలో మాత్రం అది లేనట్టే, వెంటనే బ్యాటరీ మీదికి మారుతుంది. రోజూ సాయంత్రం నాలుగు గంటలు ఇలా గడిస్తే, అసలు కోత వచ్చేసరికి బ్యాటరీ సగమే మిగులుతుంది. కొనేముందే వారం రోజులు సాయంత్రం వోల్టేజీ కొలిచి, ఆ ఇన్వర్టర్ ఎన్ని వోల్టుల దాకా లైనును ఒప్పుకుంటుందో అడగండి. రోజూ ఇదే పరిస్థితి అయితే ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం ఎక్కువైందని 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించడం ఏ బ్యాటరీ కన్నా ముందు చేయాల్సిన పని.

ఆఫ్‌గ్రిడ్

ఇదే 280 యూనిట్ల ఇంటిని లైనుతో సంబంధం లేకుండా నడపాలంటే రోజుకు తొమ్మిది యూనిట్ల పైన కావాలి. ముసురు పట్టిన ఆగస్టులో కిలోవాటుకు రెండున్నర యూనిట్లే వస్తే నాలుగు కిలోవాట్ల ప్యానెళ్లు ఉండాలి. రెండు రోజుల మబ్బుకు నిలవాలంటే ఐదు యూనిట్ల లిథియం బ్యాటరీలు నాలుగు కావాలి, ఒక్కోటి లక్షకు అటూఇటూ. సబ్సిడీ రాదు. ఎండాకాలంలో బ్యాటరీ పదకొండింటికే నిండిపోయి, సాయంత్రం దాకా వచ్చే కరెంటంతా ఎవరికీ కాకుండా పోతుంది. ఇంటి ముందు స్తంభం ఉండగా ఈ ఖర్చు పెట్టమని మేం చెప్పం. లైను గుంజాలంటే ఎన్నో స్తంభాలు వేయాల్సిన బావి కాడి ఇంటికి, అడవి అంచు గూడేలకు ఇదే దారి.

అయితే చిన్న ఆఫ్‌గ్రిడ్ ఒకటి జీరో బిల్లు ఇళ్లకు బాగా పనికొస్తుంది. ఉన్న ఇన్వర్టర్ బ్యాటరీకే సోలార్ ఛార్జ్ కంట్రోలర్ ద్వారా ప్యానెల్ కలపడం. నెట్ మీటర్, దరఖాస్తు ఏవీ అక్కర్లేదు. పగలు కరెంటు పోయినా బ్యాటరీ నిండుతుంది.

ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సింది ప్యానెల్, కంట్రోలర్ జత. షాపులో 550 వాట్ల ప్యానెల్ ఒకటి, చవకైన పీడబ్ల్యూఎం కంట్రోలర్ ఒకటి, ఇంట్లో పన్నెండు వోల్టుల బ్యాటరీ ఒకటి. ఆ ప్యానెల్ నలభై వోల్టుల దగ్గర పదమూడు ఆంపియర్లు ఇచ్చేలా తయారైంది. పీడబ్ల్యూఎం దాన్ని నేరుగా బ్యాటరీ వోల్టేజీకి గుంజేస్తుంది, ఆంపియర్లు మాత్రం పెరగవు. పదమూడు వోల్టులు, పదమూడు ఆంపియర్లు అంటే 170 వాట్లు. ఐదు వందల యాభైకి డబ్బు కట్టి మూడో వంతు కూడా తీసుకోనట్టు. ఒక బ్యాటరీ ఇంటికి 165 వాట్ల, 36 సెల్స్ ప్యానెళ్లు రెండు ప్యారలల్‌గా, పీడబ్ల్యూఎంతో చాలు. పద్దెనిమిది ఆంపియర్ల దాకా వస్తాయి, 150 ఏహెచ్‌కు అది సరైన ఛార్జింగ్. రెండు బ్యాటరీలు, ఇరవై నాలుగు వోల్టుల ఇన్వర్టర్ అయితే ఆ 550 వాట్ల ప్యానెల్ ఒక్కటి, ఎక్కువైన వోల్టేజీని ఆంపియర్లుగా మార్చే ఎంపీపీటీ కంట్రోలర్‌తో పెట్టుకోవచ్చు. కంట్రోలర్ మీద రాసిన గరిష్ఠ ప్యానెల్ వోల్టేజీ అరవైకి పైన ఉండాలి, ఎందుకంటే ఆ ప్యానెల్ లోడ్ లేనప్పుడు యాభై వోల్టుల దాకా వెళ్తుంది.

ఏ రకమైనా డాబా మీద పని ఒకటే. స్టాండు కాళ్లు స్లాబుకు గట్టిగా బిగించాలి, మన గాలిదుమారాలకు ఇటుకలు పేర్చిన స్టాండ్లు నిలవవు. లైట్నింగ్ అరెస్టర్‌కు ఒకటి, డీసీ వైపుకు ఒకటి, ఏసీ వైపుకు ఒకటి, మూడు ఎర్తింగులు వేరువేరుగా తీయించాలి. కోతులు తిరిగే ఊళ్లలో ప్యానెళ్ల కింద తీగ వేలాడితే దాన్ని పట్టుకుని ఊగుతాయి, కనెక్టర్ ఊడి లోపల మంట పుడుతుంది. తీగంతా పైపులోనో, పట్టీలతో స్టాండుకు అదిమేసో ఉండాలి.

హైబ్రిడ్ బిగించినవాళ్లకు చివరి డబ్బు ఇచ్చేముందు, వాళ్లు ఇంట్లో ఉండగానే మధ్యాహ్నం పూట మెయిన్ స్విచ్ దించేయండి. టీవీ ఆరకూడదు. బ్యాకప్ మీద ఉన్న ప్లగ్గులో మల్టీమీటర్ పెడితే 220కి అటూఇటూ చూపాలి. ఫ్రిజ్ ఒకసారి ఆపి మళ్లీ వేయండి, ఆ తర్వాత మిక్సీ తిప్పండి. అరగంట అలాగే ఉంచి, డిస్‌ప్లేలో బ్యాటరీ శాతం తగ్గుతోందో పెరుగుతోందో చూడండి. ఎండ ఉండి, ఇంటి వాడకం మామూలుగా ఉన్నప్పుడు అది పెరగాలి. తగ్గుతోందంటే కోతలో ప్యానెళ్లు పనిచేయడం లేదన్నమాట. ఆ సంగతి వాళ్లు మెట్లు దిగకముందే తేల్చుకోవాలి. స్విచ్ మళ్లీ ఎక్కించి, ఇన్వర్టర్ లైనుకు కలిసి, బ్యాటరీ నిండాక నెట్ మీటర్‌లో ఎగుమతి అంకె కదలాలి.